దీపావళి బోనస్ 90 వేలు, అందులో పన్ను కోత 40,560: లెక్క సరిగ్గానే ఉందా?

పోలేపల్లి క్యూసీ

అక్టోబర్ జీతంతో కలిపి దీపావళి బోనస్ 90,000 వేసిన్రు. స్లిప్పులో ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర 40,560 కోసిన్రు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ గడిల సున్నా ఉండె. నెల గ్రాస్ 1,02,000, అందులో బేసిక్ 51,000. కొత్త పన్ను విధానమే పెట్టుకున్న. ప్రొఫెషన్ ట్యాక్స్ ఎప్పటిలెక్కనే 200, పీఎఫ్ కూడా ఏం మారలేదు. 90 వేలల్ల 40 వేలు పోవుడంటే సగానికి దగ్గర. దేశంలో పెద్ద శ్లాబే 30 శాతం అంటరు కదా, మరి నాకు 45 శాతం ఎట్ల పడ్డది? హెచ్ఆర్‌ను అడిగితే "సిస్టం లెక్క" అన్నరు, అంతే.

దేవరకొండ రాజు

అన్నా, బోనస్ మీద ఎప్పుడైనా ఎక్కువనే కోస్తరు. ఆ నెల జీతం 1,92,000 అయింది కదా, సాఫ్ట్‌వేర్ నువ్వు ఏడాదంతా గంతే తీసుకుంటవు అనుకొని పై శ్లాబుల పెడ్తది. పరేషాన్ గాకు. జులైల రిటర్న్ వేస్తే మొత్తం వాపస్ వస్తది.

జడ్చర్ల పేరోల్

రాజు గారు చెప్పిన పొరపాటు కొన్ని కంపెనీల్లో నిజంగానే జరుగుతుంది. కానీ ఇక్కడ జరిగింది అది కాదు. ఈ 40,560 అసలైన పన్నే. ఇప్పుడున్న లెక్క ప్రకారమే రిటర్న్ వేస్తే అందులోంచి రూపాయి కూడా వెనక్కి రాదు.

బోనస్‌కు వేరే పన్ను రేటు అంటూ ఏదీ లేదు. జీతం మీద టీడీఎస్ కోయాలంటే యజమాని ఏడాది మొత్తం ఆదాయాన్ని అంచనా వేసి, దాని మీద ఏడాది పన్ను లెక్కకట్టి, ఆ పన్నును నెలలకు పంచుతాడు. బోనస్ వచ్చిన నెలలో ఆ ఏడాది అంచనా పెరుగుతుంది, అంతే. కాబట్టి నెల జీతం ఎంతయింది అని కాకుండా ఏడాది మొత్తం ఎంతయింది అని చూడండి.

మీకు నెలకు 1,02,000 చొప్పున పన్నెండు నెలలకు 12,24,000. దాంట్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 11,49,000. ఇది 12 లక్షల లోపే ఉంది గనుక 87ఏ రిబేటు మీ పన్నంతా మాఫీ చేసింది. అందుకే ఆరు నెలలు సున్నా. ఇప్పుడు 90,000 కలిస్తే 13,14,000, స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12,39,000. గీత దాటింది 39,000. దాటగానే రిబేటు పోతుంది.

రిబేటు లేకుండా శ్లాబుల ప్రకారం లెక్కకడితే మొదటి 4 లక్షలకు ఏమీ లేదు, తర్వాతి 4 లక్షలకు 20,000, ఆ తర్వాతి 4 లక్షలకు 40,000, మిగిలిన 39,000 మీద 15 శాతం అంటే 5,850. మొత్తం 65,850. గీత 39 వేలు దాటినందుకు 65 వేల పన్ను అంటే అన్యాయం కదా. అందుకని మార్జినల్ రిలీఫ్ పెట్టారు: గీత దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదు. కాబట్టి మీ పన్ను 39,000 దగ్గర ఆగింది. దాని మీద 4 శాతం సెస్సు 1,560. కలిపితే 40,560. మీ పేరోల్ వాళ్లు లెక్క సరిగ్గానే కట్టారు.

పోలేపల్లి క్యూసీ

అంటే గీత దాటిన 39 వేలూ పోయి, ఇంకా 1,560 నా చేతిలోంచే పడ్డదా మేడం?

జడ్చర్ల పేరోల్

అవును. మీ బోనస్‌ను రెండు ముక్కలుగా చూడండి. మొదటి 51,000 మీ గ్రాస్‌ను 12,75,000 దాకా తెచ్చింది, దాని మీద పన్ను సున్నా. మిగతా 39,000 మీద 40,560. 45 శాతం అని మీకు కనబడుతున్నది ఈ రెండింటి సగటే. రిలీఫ్ పన్నుకే గానీ సెస్సుకు లేదు, అందుకే గీత దాటిన ప్రతి రూపాయికీ రూపాయి నాలుగు పైసలు పోతున్నది.

ఈ పరిస్థితి ఎంతదాకా ఉంటుందంటే, పన్ను వేసే ఆదాయం 12,70,588 దాకా. ఆ పైన మామూలు శ్లాబు లెక్కే తక్కువ అవుతుంది గనుక రిలీఫ్ అక్కర్లేదు. గ్రాస్‌లో చెప్పాలంటే 12,75,000 నుంచి దాదాపు 13,45,600 దాకా ఉన్న వాళ్లకు బోనస్ వచ్చినా, ఇంక్రిమెంట్ వచ్చినా, అరియర్స్ వచ్చినా చేతికి మిగిలేది ఏమీ ఉండదు. ఇదంతా 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్క అని గుర్తుంచుకోండి.

చౌటుప్పల్ షిఫ్ట్-బీ

నాకు గ్రాస్ 1,50,000. లక్ష బోనస్ వస్తే 20,800 ఎక్కువ కోసిన్రు. నాకు 45 శాతం పడలే. అంటే మా కంపెనీ తక్కువ కోసిందా? తర్వాత నోటీసు గిట్ల వస్తదా?

మిర్యాలగూడ లెడ్జర్

రాదు. మీరు ఎప్పుడో గీత దాటిపోయారు. ఏడాదికి 18,00,000, డిడక్షన్ పోగా 17,25,000, అంటే 20 శాతం శ్లాబులో ఉన్నారు. లక్ష కలిసినా 18,25,000, అదే శ్లాబు. 20,000 పన్ను, 800 సెస్సు. మీ మామూలు నెల కోత 12,567 దాకా ఉండాలి, బోనస్ నెలలో 33,367 పడి ఉంటుంది. సరిపోయిందా చూసుకోండి.

రాజు తమ్ముడికి ఒక మాట. పై శ్లాబులోకి పోతే ఆ పైన ఉన్న ముక్కకే ఎక్కువ రేటు, కింద ఉన్నది కదలదు. మనలాంటి జీతాలకు ఒక్క ఈ 12 లక్షల గీత దగ్గరే కింద ఉన్నదంతా కదులుతుంది.

దేవరకొండ రాజు

సరే సార్, ఒప్పుకుంట. కానీ నేను చెప్పిన పొరపాటు కూడా ఉంటదని మేడమే అన్నరు. అది ఎట్ల తెలుస్తది?

జడ్చర్ల పేరోల్

స్లిప్పుతో పాటు ట్యాక్స్ లెక్క షీటు ఇస్తారు, లేదా పోర్టల్‌లో ఉంటుంది. అందులో ప్రతి జీతం హెడ్‌కూ ఇప్పటిదాకా ఇచ్చింది, ఇకముందు ఇవ్వబోయేది అని రెండు గడులు ఉంటాయి. బోనస్ ఎదురుగా "ఇవ్వబోయేది" సున్నా ఉండాలి. అక్కడ అంకె కనిపిస్తే ఎవరో బోనస్‌ను ప్రతి నెలా వచ్చే అలవెన్స్ హెడ్‌లో కొట్టారని అర్థం.

క్యూసీ గారి అంకెలతోనే చూద్దాం. అలా జరిగి ఉంటే సిస్టం అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరు నెలలూ 1,92,000 అనుకుంటుంది. ఏడాది గ్రాస్ 17,64,000 అవుతుంది, పన్ను సెస్సుతో 1,43,312 చూపిస్తుంది. దాన్ని ఆరు నెలలకు పంచి అక్టోబర్‌లో 23,885 కోస్తుంది. తమాషా ఏంటంటే ఈ తప్పు లెక్కలో ఆ నెల కోత అసలు దానికంటే తక్కువే. నవంబర్‌లో హెడ్ సరిచేస్తే మిగిలిన 16,675ను ఐదు నెలలకు పంచి నెలకు 3,335 కోస్తారు. ఏడాది చివరకు మొత్తం మళ్లీ 40,560కే వస్తుంది.

అసలు భయపడాల్సిన తప్పు వేరే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మార్జినల్ రిలీఫ్ అమర్చకపోతే 65,850 మీద సెస్సు కలిపి 68,484 కోస్తారు. మీ షీటులో ఈ అంకె కనిపిస్తే వెంటనే చెప్పాలి. ఎందుకంటే మామూలుగా ఒక నెలలో ఎక్కువ కోస్తే తర్వాతి నెలల కోత తగ్గించి సర్దుతారు. క్యూసీ గారి మామూలు నెలల్లో కోతే లేదు, ఇక తగ్గించేది ఎక్కడ? ఎక్కువ పోయిన 27,924 రిటర్న్ వేసి రీఫండ్‌గా తెచ్చుకోవాల్సిందే.

నాగర్‌కర్నూల్ ఉపాధ్యాయుడు

నమస్తే. నాకూ ఇట్లాంటిదే. డీఏ బకాయిలు ఒకేసారి పడితే ఆ నెల టీడీఎస్ బాగా పెరిగింది. మా సంఘం వాళ్లు ఫారం 10ఈ వేయమన్నారు. క్యూసీ గారు కూడా అదే వేస్తే పన్ను తగ్గుతుంది కదా? కొత్త విధానంలో కూడా ఆ సౌకర్యం ఉందని విన్నాను.

మిర్యాలగూడ లెడ్జర్

మాస్టారూ, మీది వేరు, ఆయనది వేరు. మీ బకాయిలు వెనకటి ఏళ్లకు చెందినవి, అప్పుడు రావాల్సినవి ఇప్పుడు వచ్చాయి. అలాంటి వాటికే సెక్షన్ 89 రిలీఫ్. కొత్త విధానంలోనూ వర్తిస్తుంది, మీరు విన్నది నిజమే. ఆయన బోనస్ ఈ ఏడాది ప్రకటించి ఈ ఏడాదే ఇచ్చినది, అది బకాయి కాదు. 10ఈ వేసినా సున్నా వస్తుంది.

మీరు మాత్రం 10ఈని రిటర్న్ కంటే ముందే ఆన్‌లైన్‌లో వేయండి. రిటర్న్ వేసి తర్వాత 10ఈ వేసిన వాళ్లకే రిలీఫ్ కొట్టేసి డిమాండ్ పంపుతున్నారు. ఏ నెల బకాయి ఎంత అన్న వివరం మీ జీతం బిల్లు పెట్టే డీడీఓ దగ్గర తీసుకోండి, ఏడాదుల వారీగా అంకెలు విడదీయకుండా ఆ ఫారం నింపలేరు. మిగతాది వేరే చర్చ పెట్టి అడగండి, ఇక్కడ కలిపితే ఇద్దరికీ గందరగోళం.

పోలేపల్లి క్యూసీ

లెక్క అర్థమైంది. రెండు ప్రశ్నలు. ఈ 40,560 ఒక్క నెలలనే కొయ్యాల్నా, మార్చి దాకా పంచొద్దా? ఇంకోటి, ఈ పన్ను తగ్గించుకునే తోవ ఏదన్నా మిగిలి ఉందా? పాత విధానం ఎట్ల ఉంటది? ఇంటి లోన్ ఉంది, ఎల్‌ఐసీ ఉంది.

దేవరకొండ రాజు

బోనస్ ఏప్రిల్ల ఇయ్యమంటే అయిపోవు కదా అన్నా, పైసలు వచ్చే ఏడు లెక్కల పడు.

మిర్యాలగూడ లెడ్జర్

అట్లా కాదు. జీతం మీద పన్ను రావాల్సిన తేదీకా, చేతికొచ్చిన తేదీకా అంటే ఏది ముందైతే దానికి. అక్టోబర్‌లో ఇస్తామని కంపెనీ ఉత్తర్వు ఇచ్చాక ఏప్రిల్‌లో తీసుకున్నా అది ఈ ఏడాది ఆదాయమే. కంపెనీ అసలు ప్రకటించడమే ఏప్రిల్‌లో చేస్తే వేరు, కానీ ఒక్క మనిషి కోసం ఎవరూ అలా చేయరు. పైగా వచ్చే ఏడు దీపావళి బోనస్ కూడా కలిస్తే రెండు బోనస్‌లు ఒక్క ఏట్లో పడతాయి.

పాత విధానం కూడా చూశాను. ఇంటి లోన్ వడ్డీ 2,00,000, 80సీ 1,50,000 పూర్తిగా ఉన్నాయి అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ అక్కడ 50,000 మాత్రమే, ప్రొఫెషన్ ట్యాక్స్ 2,400. అన్నీ తీస్తే 9,11,600 మిగులుతుంది. పన్ను సెస్సుతో దాదాపు 98,600. 40,560 ఎక్కడ, ఇది ఎక్కడ. అద్దె ఇంట్లో ఉంటూ పెద్ద హెచ్ఆర్ఏ ఉన్నవాళ్లకు లెక్క మారొచ్చు, కానీ ఇంత తేడా పూడ్చడం కష్టం.

జడ్చర్ల పేరోల్

పంచడం గురించి. అక్టోబర్‌తో కలిపి ఆరు నెలలు ఉన్నాయి, 40,560ని పంచితే నెలకు 6,760 పడేది. చట్టం యజమానికి ఏడాది లోపల కోతను పెంచి తగ్గించి సర్దుకునే వీలు ఇచ్చింది. కానీ చాలా కంపెనీలు బోనస్ హెడ్‌కు "మొత్తం పన్ను అదే నెలలో" అన్న సెట్టింగు పెడతాయి. బోనస్ తీసుకొని మరుసటి నెల రాజీనామా చేసేవాళ్లు ఉంటారు, అప్పుడు మిగిలిన జీతంలో కోయడానికి ఏమీ ఉండదని వాళ్ల భయం. రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. ఇప్పటికే కోసి ప్రభుత్వానికి కట్టేస్తే మాత్రం వెనక్కి ఇవ్వరు.

మిర్యాలగూడ లెడ్జర్

ఇక్కడ మేడంతో కొంచెం విభేదిస్తాను. చట్టంలో ఉన్నది సగటు రేటు. నెల జీతానికి సగటు రేటు వేస్తే 40 వేలు ఒక్క నెలలో పడదు. సర్దుబాటు వీలును ఇలా మొత్తం ఒకేసారి లాగడానికి వాడటం నాకు సరైనదిగా తోచదు.

జడ్చర్ల పేరోల్

ఆ వాదన ఉంది, కాదనను. కానీ గడిచిన ఆరు నెలల్లో సున్నా కోశారు కదా, లోటు అక్కడే ఏర్పడింది, దాన్ని ఒకేసారి పూడ్చుకున్నామని కంపెనీ అంటుంది. ఏడాది మొత్తం పన్ను ఒకటే గనుక దీనిమీద ఉద్యోగి పోట్లాడి సాధించేది తక్కువ.

తోవ గురించి. క్యూసీ గారికి ఒక్కటే ఉంది: యజమాని తరఫు ఎన్‌పీఎస్, అంటే మీ పింఛను ఖాతాలో కంపెనీ వేసే వాటా. కొత్త విధానంలో 80సీ లేదు, సొంతంగా ఎన్‌పీఎస్‌లో కట్టే 50,000 కూడా లేదు. కానీ యజమాని మీ ఖాతాలో వేసే సొమ్ము బేసిక్‌లో 14 శాతం దాకా ఆదాయంలోంచి తీసేస్తారు. మీ బేసిక్ 51,000, 14 శాతం అంటే 7,140. నవంబర్ నుంచి మార్చి దాకా ఐదు నెలలు వేస్తే 35,700. పన్ను వేసే ఆదాయం 12,39,000 నుంచి 12,03,300కి దిగుతుంది. అప్పుడు పన్ను 3,300, సెస్సు 132, మొత్తం 3,432.

ఈ సొమ్ము కంపెనీ కొత్తగా ఇచ్చేది కాదు, మీ స్పెషల్ అలవెన్స్‌లోంచి తగ్గించి వేస్తారు. అంటే మీ చేతి జీతం ఐదు నెలల్లో 35,700 తగ్గుతుంది, పన్ను 37,128 తగ్గుతుంది. ఇప్పటికే కోసింది గనుక ఆ 37,128 రిటర్న్ వేశాక రీఫండ్‌గా వస్తుంది. ఎన్‌పీఎస్‌లో పెట్టిన దానికంటే వెనక్కి వచ్చేదే ఎక్కువ. ఇలాంటి లెక్క ఈ ఇరుకు సందులో ఉన్నవాళ్లకు మాత్రమే కుదురుతుంది, షిఫ్ట్-బీ గారికి కుదరదు. ఆయనకు వందకు 20 రూపాయల 80 పైసలే మిగులుతుంది.

చౌటుప్పల్ షిఫ్ట్-బీ

ఆ పైసలు అరవై ఏళ్ల దాకా ఇరుక్కుంటయి కదా మేడం. అది కూడా చెప్పాలె.

జడ్చర్ల పేరోల్

నిజం, మామూలుగా రిటైర్మెంట్ దాకా తీయలేరు. మధ్యలో పిల్ల పెళ్లి, చదువు, వైద్యం లాంటి వాటికి కొంత తీసే వీలున్నా అది మీరు సొంతంగా కట్టిన దాంట్లోంచే, యజమాని వేసిన దాంట్లోంచి కాదు. కానీ క్యూసీ గారి విషయంలో ఆ 35,700 ఎన్‌పీఎస్‌కు పోకపోతే చేతికి రాదు, పన్నుకు పోతుంది.

పోలేపల్లి క్యూసీ

ఇంకా 3,300 మిగిలింది కదా. అది కూడా దించి సున్నా చేయొచ్చా?

మిర్యాలగూడ లెడ్జర్

14 శాతం హద్దు నెలకు కాదు, ఏడాది బేసిక్ మీద. 6,12,000లో 14 శాతం 85,680. మీకు కావాల్సింది 39,000, అంటే ఐదు నెలలకు 7,800 చొప్పున. చట్టం ప్రకారం అడ్డు లేదు. కానీ చాలా పేరోల్ సాఫ్ట్‌వేర్‌లలో హద్దు నెల బేసిక్ మీదే బిగించి ఉంటుంది, హెచ్ఆర్ ఒప్పుకుంటారో లేదో అడిగి చూడాలి.

అంతకంటే ముందు మీ బ్యాంకు వడ్డీ చూసుకోండి. ఫిక్స్‌డ్ డిపాజిట్, సేవింగ్స్ వడ్డీ కలిపి ఆరు వేలు ఉందనుకోండి, పన్ను వేసే ఆదాయం 12,45,000 అవుతుంది. సేవింగ్స్ వడ్డీకి కొత్త విధానంలో మినహాయింపు లేదు. పేరోల్‌కు ఆ వడ్డీ తెలియదు గనుక ఇప్పుడు కోసింది చాలదు, రిటర్న్ వేసేటప్పుడు ఇంకో 6,240 కట్టమంటుంది. గీత కిందికి దిగాలంటే 39,000 కాదు, 45,000 లక్ష్యం పెట్టుకోవాలి. గీత మీద రూపాయి దాటినా రూపాయి నాలుగు పైసలు పడుతుంది గనుక అంచుదాకా లెక్క కట్టకుండా ఒక రెండు మూడు వేలు కిందికే ఉండేట్టు చూసుకోండి. మీ ఆదాయాల వివరాలు ఉండే డిపార్ట్‌మెంట్ వాళ్ల పట్టిక ఏఐఎస్‌లో వడ్డీ ఎంత చూపిస్తుందో మార్చిలో ఒకసారి చూస్తే మేలు.

దేవరకొండ రాజు

నేను బ్యాంకుల పోయి ఎన్‌పీఎస్ ఖాతా తెరిచి సొంతంగా 39 వేలు కడితే కాదా? హెచ్ఆర్ చుట్టూ తిరుగుడెందుకు?

జడ్చర్ల పేరోల్

కాదు. కొత్త విధానంలో సొంత కట్టుబడికి మినహాయింపు సున్నా. యజమాని ఖాతా నుంచి, యజమాని వాటాగా పోవాలి. కంపెనీ ఎన్‌పీఎస్‌లో కార్పొరేట్‌గా నమోదై ఉండాలి, మీ ఎన్‌పీఎస్ ఖాతా నంబర్ అయిన ప్రాన్‌ను ఆ కంపెనీకి జతచేయాలి. ఇప్పటికే ప్రాన్ ఉంటే కొత్తది తీయకండి, ఉన్నదాన్నే మార్పించండి.

మొదటి నెల స్లిప్పు వచ్చాక ఇది చూడండి: ఆ 7,140 కోతల వైపు ఉద్యోగి వాటాగా పడితే పనికిరాదు. అలవెన్స్ అంత మేర తగ్గి, యజమాని వాటా కింద కనిపించాలి. ఫారం 16లో దాన్ని ముందు జీతంలో కలిపి తర్వాత 80సీసీడీ(2) కింద తీసినట్టు ఉండాలి. కలపకుండా తీసేసిన ఫారం 16లు కూడా వస్తుంటాయి, రిటర్న్‌లో అవి సరిపోలవు.

పోలేపల్లి క్యూసీ

హెచ్ఆర్ మేడంను అడిగిన. కంపెనీ కార్పొరేట్ ఎన్‌పీఎస్‌ల ఉన్నదంట. కానీ జీతం హెడ్లు మార్చుకునే విండో ఏప్రిల్‌ల ఒక్కసారే తెరుస్తరంట, నడుమ కాదంటున్నరు.

మిర్యాలగూడ లెడ్జర్

ఏప్రిల్ విండో కంపెనీ పెట్టుకున్న నియమం, ఆదాయపు పన్ను చట్టంలో అది లేదు. మీ ఒక్కరి పేరుమీద అడిగితే కాదంటారు. మీ బ్లాకులో 12,75,000 నుంచి 13,45,000 మధ్యలో పడ్డవాళ్లు ఎందరున్నారో చూసి, అందరి లెక్కా ఒక కాగితం మీద పెట్టి, బోనస్ తర్వాత ఒకసారి విండో తెరవమని మెయిల్ పెట్టండి. నవంబర్ పేరోల్ ఏ తేదీకి మూస్తారో కూడా అందులోనే అడగండి. డిసెంబర్‌కు జరిగితే నెలకు 7,140 లెక్కన నాలుగు నెలలకు 28,560 మాత్రమే, పన్ను 10,858 మిగిలిపోతుంది.

పోలేపల్లి క్యూసీ

మా డిపార్ట్‌మెంట్‌లనే ఐదారుగురు ఉంటరు సార్. సోమవారం మెయిల్ పెడ్త. ఏం జవాబు వచ్చిందో ఇక్కడనే రాస్త.

చౌటుప్పల్ షిఫ్ట్-బీ

ఒక డౌటు. మార్చిల ఇంకో ఇన్సెంటివ్ పడితే? మాకు ఆఖరి నెలల క్వార్టర్ ఇన్సెంటివ్ ఇస్తరు, క్యూసీ అన్న కంపెనీల కూడా ఉండొచ్చు.

జడ్చర్ల పేరోల్

పడితే మళ్లీ అంతా మారుతుంది. మార్చి ఇన్సెంటివ్ 31,588 కంటే తక్కువైతే ఆయన అదే సందులో ఉంటాడు, మొత్తం పోతుంది. అంతకంటే ఎక్కువైతే ఆ పైన ఉన్న ముక్కకు 15 శాతమే. ఎన్‌పీఎస్ మొత్తం ఎంత పెట్టాలో తేల్చుకునే ముందు ఆ ఇన్సెంటివ్ ఈ ఏడాదిలో వస్తుందా లేదా అన్నది మేనేజర్ దగ్గర కనుక్కోండి.